“ఎప్పుడు తెలిసింది? ఎప్పుడు ఆపారు?”

నిన్న సాయంత్రం ఆఫర్ లెటర్ వచ్చింది. హోటళ్లకు, క్యాంటీన్లకు సరుకులు పంపే కంపెనీలో గోదాం ఆపరేషన్స్ మేనేజర్ ఉద్యోగం. సొంత కంపెనీ పెట్టి, మూసేసి, మళ్లీ ఉద్యోగం అడగబోయేవాళ్లకు నాకు ఎదురైనవే ఎదురవుతాయి. అందుకే వేడి చల్లారకముందే రాసేస్తున్నాను.

మా కంపెనీ సంగతి ముందు చెప్పాలి. 2021లో నేనూ, ఇంజనీరింగ్‌లో నా రూమ్మేటూ కలిసి మొదలుపెట్టాం. తెల్లవారుజామున వంటిమామిడి మార్కెట్‌లో కూరగాయలు కొని, అమీర్‌పేట, ఎస్.ఆర్.నగర్, మాదాపూర్ హాస్టళ్ల మెస్సులకు ఉదయం ఏడింటిలోపు దించేవాళ్లం. పప్పులు, నూనె కూడా వేసేవాళ్లం. 17 మంది పనిచేసేవారు. 2024 మార్చిలో ఆపేశాం.

రెజ్యూమె గురించి రెండే మాటలు. పైన పెద్ద అక్షరాల్లో “ఫౌండర్, సీఈఓ” అని పెట్టి పంపినన్నాళ్లూ ఒక్క ఫోన్ రాలేదు. చేసిన పని పేరు ముందు రాసి, సహ వ్యవస్థాపకుడినన్న సంగతి కింద లైన్లో రాశాక ఫోన్లు మొదలయ్యాయి. ఒక కన్సల్టెన్సీ ఆయన మాత్రం “కంపెనీ పేరే తీసేయండి, మూడేళ్లు ఫ్రీలాన్సింగ్ అని రాసుకోండి” అని సలహా ఇచ్చాడు. ఇలాంటివాళ్ల మాట వినకండి. పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో సంస్థ పేరు కనిపిస్తుంది, కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో డైరెక్టర్‌గా మన పేరు ఉంటుంది. వెరిఫికేషన్‌లో దొరికిపోయేది మనం, ఆయన కాదు.

ఎక్సెల్ పరీక్ష, ఫోన్ రౌండ్ సులభంగానే అయిపోయాయి. అసలు దెబ్బ తగిలింది మొదటి కంపెనీలో మూడో రౌండ్లో.

ఎదురుగా కూర్చున్నాయనకు యాభై ఏళ్లుంటాయి, సరుకు రవాణా రంగంలోనే జుట్టు నెరిసిన మనిషి. “ఎందుకు మూసేశారు?” అని అడిగారు. నేను బాగా తయారై వెళ్లాననుకున్నాను. పెట్టుబడులు తగ్గాయి, హాస్టళ్లవాళ్లు డబ్బులు ఆలస్యం చేశారు, పెద్ద యాప్‌లు ధరలు తగ్గించాయి అని ఐదు నిమిషాలు చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు. అంతా విని, “సరే. ఇది నడవదని మీకు ఏ నెలలో తెలిసింది? ఏ నెలలో ఆపారు? ఆ మధ్యలో ఏం చేశారు?” అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. లేదంటే తెలియక కాదు, ఎప్పుడూ ఆ మూడు ప్రశ్నలూ వరసగా పెట్టుకోలేదు. “క్రమంగా తెలిసింది సర్” అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టి, “మా గోదాంలో కూడా మీకు క్రమంగానే తెలుస్తుందా?” అన్నారు. పక్కనున్న అమ్మాయి తల దించుకుంది. ఆ గదిలోంచి బయటికొచ్చి మెట్రో స్టేషన్‌ దాకా ఎలా నడిచానో గుర్తులేదు. మూడేళ్లు పండగలు మానుకుని తెల్లవారుజామున మూడింటికి లేచినవాణ్ణి, ఒక్క వాక్యానికి జవాబు చెప్పలేక లేచొచ్చాను.

ఆ రాత్రే పాత షీట్లు తెరిచాను. లెక్క ఇలా ఉంది. ఒక హాస్టల్‌కు రోజుకు సుమారు 2,000 రూపాయల సరుకు. మార్జిన్ 15 శాతం, అంటే 300. బండి, మనిషి కలిపి ఒక్కో చోట దించడానికి 190. కుళ్లు, తిరిగొచ్చిన సరుకు 100. మిగిలేది 10 రూపాయలు. తక్కువే అయినా లాభమేనని మేం సంతోషపడ్డ పది రూపాయలు అవి. కానీ మార్కెట్‌లో సరుకుకు అదే రోజు నగదు కట్టాలి, హాస్టల్ నుంచి మాత్రం సగటున 41 రోజులకు డబ్బు వచ్చేది. కొన్న ధర 1,700కు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ వేసి చూస్తే ఆ 41 రోజులకు 46 రూపాయలు దాటుతుంది. అంటే ప్రతి డెలివరీకి 36 రూపాయలకు పైగా నష్టం. అప్పు తెచ్చిన డబ్బయినా, సొంత డబ్బయినా దానికి ఆ ధర ఉంటుంది. మేం సొంత డబ్బును ఉచితం అనుకున్నాం.

ఇంకా చేదు విషయం తేదీల్లో బయటపడింది. 2023 జూన్‌లో వసూళ్ల సగటు 20 రోజుల నుంచి 30 దాటింది. అప్పటికి 60 హాస్టళ్లు. రోజుకు 1.2 లక్షల సరుకు, 30 రోజుల బాకీ అంటే బయట ఇరుక్కున్నది 36 లక్షలు. మావాడు, అదే నా రూమ్మేటు, ఆ నెలలోనే “18 హాస్టళ్లకు ఉద్దెర ఆపేద్దాం” అన్నాడు. నేను వద్దన్నాను. కోచింగ్ బ్యాచ్‌లు మొదలయ్యే కాలం, పిల్లలు వస్తారు, డబ్బులు తిరుగుతాయి అని వాదించి, ఇంకో 50 హాస్టళ్లను చేర్చాను. ఏడాది చివరికి 110 హాస్టళ్లు, రోజుకు 2.2 లక్షలు, 41 రోజులు. బయట ఇరుక్కున్నది 90 లక్షలు. మేం అమ్మకాలు పెరిగాయని చూశాం గానీ, పెరిగినదంతా బాకీయే.

పైగా ఈ హాస్టళ్లు చాలావరకు లీజు భవనాలు. నడిపేవాడు ఒకరు, బిల్డింగ్ ఓనర్ ఇంకొకరు. ఒక రోజు ఉదయం కూరగాయల ట్రేలతో వెళ్తే బోర్డు మారి ఉంటుంది, పాత ఆయన ఫోన్ స్విచాఫ్. ఒక్కచోటే మాకు 3.4 లక్షలు అలా పోయాయి.

అంటే మొదటి కంపెనీలో ఆయన అడిగినదానికి నా జవాబు ఇది: తెలిసింది 2023 జూన్‌లో, ఆపింది 2024 మార్చిలో, మధ్య తొమ్మిది నెలలు తప్పు దిశలో నేనే తోశాను. పెట్టుబడులు తగ్గడం, యాప్‌లు రావడం నిజమే, కానీ అవి కారణాల్లో మూడోవీ నాలుగోవీ. ఒక పేజీ మీద ఆ రెండు తేదీలు, పైన చెప్పిన లెక్క, మావాడు చెప్పిన మాట, నేను తీసుకున్న నిర్ణయం రాసుకున్నాను. తర్వాతి ఇంటర్వ్యూలన్నిట్లో ఆ పేజీయే చెప్పాను, రెండు నిమిషాల్లో. అలా చెబితే అవతలివాళ్లు మన మీద జాలిపడరు, పనిగురించి ప్రశ్నలు వేస్తారు. “18 హాస్టళ్లను ఎలా గుర్తించేవాళ్లు?” అని అడిగారొకరు. వరసగా రెండు బిల్లుల గడువు దాటినా ఆర్డర్ పరిమాణం పెంచుతున్నవాళ్లే ముందు ఎగ్గొట్టారని షీట్‌లో కనిపించిందని చెప్పాను. ఆ సంగతి ఆయన రాసుకోవడం చూశాను.

రెండో కంపెనీ గురించి కోపం ఇంకా తగ్గలేదు. అన్ని రౌండ్లూ అయ్యాక హెచ్‌ఆర్ ఆమె, “మీరు ఆరు నెలల్లో మళ్లీ కంపెనీ పెట్టుకుని వెళ్లిపోతారు కదా. రెండేళ్ల బాండ్ రాయండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇక్కడ పెట్టండి” అన్నారు. ఇదే ఉద్యోగానికి వచ్చిన మిగతావాళ్లను అలా అడగలేదు. సర్టిఫికెట్లు ఇవ్వనని చెప్పి వచ్చేశాను. మీరూ ఇవ్వకండి. వెళ్లిపోతామన్న అనుమానం తీర్చే దారి కాగితాలు తాకట్టు పెట్టడం కాదు.

మూడో కంపెనీలో ఆ అనుమానమే ఇంకో రూపంలో వచ్చింది. మేనేజర్‌గారు ల్యాప్‌టాప్ నా వైపు తిప్పారు. పోర్టల్‌లో మా కంపెనీ పేరు పక్కన స్టేటస్ Active అని ఉంది. “మూసేశామన్నారు. ఇదేంటి?” అన్నారు. ఈ ఒక్క పదం దగ్గర చాలామంది ఉద్యోగం పోగొట్టుకునే ప్రమాదం ఉంది, కాబట్టి నిదానంగా చెబుతాను.

వ్యాపారం ఆపిన రోజునే కంపెనీ చట్టం దృష్టిలో చచ్చిపోదు. కంపెనీల చట్టం 2013లోని 248వ సెక్షన్ కింద మనంతట మనం రిజిస్టర్లోంచి కంపెనీ పేరు కొట్టేయించుకోవాలంటే మామూలుగా చూపే కారణం, వరసగా గత రెండు ఆర్థిక సంవత్సరాలు ఏ వ్యాపారమూ చేయలేదన్నది. బాకీలన్నీ తీర్చి ఉండాలి. అప్పుడు STK-2 ఫారం, 10,000 రూపాయల ఫీజు. మేం 2024 మార్చిలో ఆపాం కాబట్టి రెండు పూర్తి సంవత్సరాలు గడవాలి. అప్పటిదాకా స్టేటస్ అలాగే ఉంటుంది, ఏటా ఖాతాల ఫారం AOC-4, వార్షిక రిటర్న్ MGT-7A వేస్తూనే ఉండాలి, వేయకపోతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల అదనపు ఫీజు. డైరెక్టర్ పదవికి రాజీనామా చేస్తే సరిపోదా అంటారు. ప్రైవేట్ లిమిటెడ్‌కు కనీసం ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి, మేం ఉన్నదే ఇద్దరం.

ఇదంతా నోటితో చెబితే ఎవరూ నమ్మరు. నేను ఫైల్ తీసుకెళ్లాను. జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దు ఉత్తర్వు, దాని తర్వాత వేసిన చివరి రిటర్న్ GSTR-10, అమ్మకాలు సున్నా అని చూపే బ్యాలెన్స్ షీటు, 17 మందికి చివరి జీతం వేసిన బ్యాంక్ స్టేట్‌మెంట్, పీఎఫ్ చలాన్లు. జీతాల కాగితం దగ్గర ఆయన చాలాసేపు ఆగారు. గర్వంగానే చెబుతున్నాను, బయట లక్షలు మునిగినా, మా దగ్గర పనిచేసిన డ్రైవర్‌కు గానీ, గోదాం అబ్బాయికి గానీ ఒక్క రూపాయి బాకీ పెట్టలేదు. అందుకు మా ఇంట్లో బంగారం బ్యాంకుకు వెళ్లింది. రిఫరెన్సుగా కూడా పెట్టుబడిదారుల పేర్లు కాకుండా మా పాత డ్రైవర్ల సూపర్‌వైజర్ నంబరు, అతన్ని అడిగి, ఇచ్చాను. మేనేజర్‌గారు నిజంగానే అతనికి ఫోన్ చేశారు.

“మళ్లీ పెట్టరా?” అని అడిగారు. జీవితంలో పెట్టనని ప్రమాణం చేయలేదు, చేస్తే అబద్ధమయ్యేది. నా పేరు మీద ఇంకా డైరెక్టర్ హోదా ఉందని, దాంతో ఏ వ్యాపారమూ చేయనని, పేరు కొట్టేయించే దరఖాస్తు ఎప్పుడు వేస్తానో రాసి సంతకం చేసి ఇస్తానన్నాను. బంగారం లోన్ ఉందని, నెల జీతం నాకు అవసరమని దాచకుండా చెప్పాను. ఆ తర్వాత అంతకుముందు వారం వాళ్ల గోదాం గేటు దగ్గర రెండు రోజులు తెల్లవారుజామున నిలబడి చూసినది చెప్పాను: బళ్లు నాలుగున్నరకు లోడవుతున్నాయి, కానీ బిల్లు ప్రింటు కోసం ఐదుంపావు దాకా ఆగుతున్నాయి. ఆ ముప్పావుగంట ఎక్కడ పోతోందో వెతకడం నాకు వచ్చిన పని, ఇంత పెద్ద సరుకుతో ఉద్దెరను ఎలా అదుపులో పెడతారో నేర్చుకోవడం నాకు కావాల్సిన పని అన్నాను.

ఆయన నాకంటే ఆరేళ్లు చిన్నవాడు. “నేను కాదంటే ఏం చేస్తారు?” అని అడిగాడు. “2023 జూన్‌లో మావాడు నాకు చెప్పినట్టు, లెక్కతో ఒకసారి చెబుతాను. మీరు విన్నాక కూడా కాదంటే, మీరు చెప్పినట్టే చేస్తాను సర్” అన్నాను.

సోమవారం చేరుతున్నాను. వచ్చేటప్పుడు ఆ 110 హాస్టళ్ల షీటు తీసుకురమ్మని నిన్న రాత్రి మెసేజ్ పెట్టారు.