ఎర్ర గడి పచ్చబడేదాకా: నా 18,450 రూపాయల అనుభవం

నిన్న రాత్రి పదిన్నరకి, దుకాణం లెక్కల ఎక్సెల్ షీటులో డెబిట్, క్రెడిట్ మొత్తాలు కలిశాయో లేదో చెప్పే గడి పచ్చబడింది. అయిదు రోజులుగా ఎర్రగా ఉండి నన్ను గుడ్లురిమి చూసిన గడి అది. ఇంకా కోపం చల్లారలేదు, అందుకే చల్లారకముందే రాస్తున్నాను.

మాది పల్నాడులో ఒక ఎరువుల దుకాణం. మాది అంటే నాది కాదు, షావుకారు గారిది. నేను గుమాస్తాని. ఇరవై రెండేళ్లు చేత్తో రోజువారీ పద్దుల చిట్టా రాసి, వాటిని ఖాతాలవారీగా ఆవర్జాలోకి ఖతావణీ చేసి, ఏడాది చివర డెబిట్, క్రెడిట్ నిల్వలు సరిపోయాయో చూసే అంకణా తీసినవాణ్ని. టాలీ కొనండి అంటే షావుకారు గారు వినలేదు. "ఎక్సెల్ ఉందిగా, దాన్లో చెయ్యి" అన్నారు. సరే అని ఏప్రిల్లో నేర్చుకుని నేనే కట్టాను. మా మేనల్లుడు ఫోన్లో పావుగంట చెప్పాడు, మిగతాది నా తంటా.

కట్టడం తేలికే. Journal అని ఒక షీటు: తేదీ, వోచర్ నంబరు, ఖాతా పేరు, డెబిట్, క్రెడిట్. అంకణా కోసం TB అని ఇంకో షీటు: ఎడమవైపు ఖాతా పేర్లన్నీ వరసగా. ఒక్కో పేరు పక్కన ఈ ఫార్ములా:

```
=SUMIF(Journal!C:C,A2,Journal!D:D)-SUMIF(Journal!C:C,A2,Journal!E:E)
```

చిట్టాలో ఆ పేరు ఎక్కడెక్కడ ఉందో వెతికి, డెబిట్లు కూడి, క్రెడిట్లు తీసేసి నిల్వ చూపిస్తుంది. చిట్టాలో పద్దు రాస్తే చాలు, ఆవర్జా తనంతట తనే నిండుతుంది. నిల్వ ప్లస్‌లో ఉంటే డెబిట్ వరసలోకి, మైనస్‌లో ఉంటే క్రెడిట్ వరసలోకి పంపాను. కింద రెండు మొత్తాలు, వాటి పక్కన ఒక గడి. మొత్తాలు సమానమైతే పచ్చ, తేడా వస్తే ఎర్ర అయ్యేలా దానికి కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టాను. ఆ గడిలో ROUND పెట్టడం మాత్రం మరిచిపోకండి. పైసలు కూడేటప్పుడు యంత్రం ఎక్కడో పదో దశాంశంలో చిన్న తోక మిగుల్చుకుంటుంది. మన కంటికి తేడా 0.00, గడి మాత్రం ఎర్రగానే ఉంటుంది:

```
=IF(ROUND(E60-F60,2)=0,"సరి","తేడా")
```

ఖాతా పేర్లు తప్పు పడకుండా చిట్టాలో డ్రాప్‌డౌన్ కూడా పెట్టాను. జాబితాలో లేని పేరు కొడితే తీసుకోదు. నాకంత గర్వంగా ఉండేది.

ఏడాది గడిచింది. ముగింపు లెక్కలకి కూర్చుంటే గడి ఎర్రబడింది. తేడా 18,450.

ఇక్కడ మొదలైంది నా భాగోతం. తేడా వస్తే ఏం చెయ్యాలో నాకొకరు చెప్పాలా? సగం చెయ్యి, ఆ సగం అంకె ఎక్కడైనా ఉంటే అది తప్పు వైపు పడి ఉంటుంది. తొమ్మిదితో భాగించు, శేషం లేకుండా పోతే అంకెలు తిరగబడి ఉంటాయి, 54 బదులు 45 లాగా. 18,450ని తొమ్మిదితో భాగించాను, 2,050. శేషం సున్నా. ఇంకేముంది, దొరికిపోయాడు దొంగ అనుకున్నాను. రెండు రోజులు బిల్లుల కట్టలన్నీ విప్పి ఆరు వందల పైచిలుకు వరసలు ఒక్కొక్కటీ చిట్టాతో పోల్చాను. ఒక్క అంకె కూడా తిరగబడలేదు.

మూడో రోజు ఆడిటర్ గారి ఆఫీసు నుంచి సీఏ చదువులో భాగంగా ఆర్టికల్స్ చేసే పిల్ల వచ్చింది. షావుకారు గారు గల్లా దగ్గరే ఉన్నారు. ఆ అమ్మాయి లాప్‌టాప్‌లో చూసి, "అంకుల్, ఇది ఎర్రగా ఉందేంటి?" అంది, వీధి చివరిదాకా వినపడేట్టు. చూస్తున్నానమ్మా అన్నాను. "దొరక్కపోతే సస్పెన్స్ ఖాతాలో వేసేయండి, మా సారు అలాగే అంటారు" అంది. సస్పెన్స్ అంటే మా కాలంలో అనామతు. దొరకని తప్పుని దుప్పటి కప్పి పడుకోబెట్టడం. నా ఇరవై రెండేళ్లలో ఒక్క ఏడు కూడా అనామతుతో అంకణా ముగించలేదు.

అంతకంటే పెద్ద దెబ్బ షావుకారు గారు కొట్టారు. కళ్లజోడు తీసి, మెల్లగా, "అయితే ఆ పద్దెనిమిది వేలు ఎటు పోయినట్టు?" అన్నారు.

నన్ను దొంగ అనలేదు, నిజమే. కానీ నా చెవికి అలాగే వినపడింది. డబ్బు ఎటూ పోలేదండీ, నగదు పెట్టెలో ఉన్నదీ చిట్టాలో ఉన్నదీ ఒకటే, బ్యాంకు నిల్వ పాస్‌బుక్‌తో రూపాయి తేడా లేదు, ఇది లెక్క కాగితం మీదకి రాకపోవడమే తప్ప సొమ్ము పోవడం కాదు అని చెప్పాను. ఆయన తలూపారు. నమ్మినట్టు లేదు. ఆ రోజు మధ్యాహ్నం ఇంటికెళ్లి అన్నం తినలేదు. అంకణాలో తేడాకీ గల్లాలో తేడాకీ సంబంధం లేదని యజమానులందరికీ దుకాణం తెరిచే రోజే ఎవరైనా చెప్పాలి. వాళ్లు ఆ మాట ఒక్కటి తెలుసుకుంటే సగం మంది గుమాస్తాలు ప్రశాంతంగా నిద్రపోతారు.

నాలుగో రోజు పొద్దున్న టీ తాగుతుంటే తట్టింది, నేనెంత తెలివితక్కువగా వెతికానో. చిట్టా షీటు పైన డెబిట్ మొత్తం, క్రెడిట్ మొత్తం నేనే వేసి పెట్టుకున్నాను. అవి రెండూ 47,36,218. అంటే చిట్టా చిట్టాగా సరిపోయింది. అంకెలు తిరగబడేది ఎక్కడ? చిట్టా నుంచి ఆవర్జాకి చేత్తో ఎక్కించేటప్పుడు. ఇక్కడ ఎక్కించేది యంత్రం. అది 54ని 45 అని రాయదు. తొమ్మిదితో భాగించడం, సగం చెయ్యడం మనిషి చెయ్యి చేసే తప్పులకి పుట్టిన మందులు. యంత్రం చేసే తప్పులు రెండే రకాలు: ఒక వరసని అసలు తీసుకోకపోవడం, లేదా రెండుసార్లు తీసుకోవడం. తొమ్మిదితో పోవడం వట్టి కాకతాళీయం. తొమ్మిది అంకెల్లో ఒకటి అలా పోతూనే ఉంటుంది కదా!

మరి ఏ వైపు వరస పోయింది? నా TBలో నిల్వలే ఉన్నాయి కాబట్టి అది తెలియడం లేదు. అందుకని నిల్వలు పక్కన పెట్టి, ప్రతి ఖాతాకీ డెబిట్ మొత్తం ఒక వరసలో, క్రెడిట్ మొత్తం ఇంకో వరసలో విడివిడిగా తెచ్చాను. కింద కూడితే క్రెడిట్ వైపు 47,36,218, అచ్చం చిట్టాలో లాగే. డెబిట్ వైపు 47,17,768. సరిగ్గా 18,450 తక్కువ. అంటే క్రెడిట్లన్నీ ఎక్కాయి, డెబిట్లు కొన్ని ఎక్కలేదు. రెండు రోజుల వెతుకులాట సగానికి తగ్గింది. మీరు కడితే నిల్వల వరసతో పాటు ఈ మొత్తాల వరసలు కూడా మొదటి రోజే పెట్టుకోండి.

చిట్టాలో 18,450 అని వెతికాను, లేదు. ఉంటే ఎప్పుడో దొరికేది. అప్పుడు చిట్టా షీటు కుడి చివర ఒక కొత్త నిలువు వరస వేసి, ప్రతి ఖాతా పేరూ TB జాబితాలో ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టమన్నాను:

```
=IF(C2="","",COUNTIF(TB!A:A,C2))
```

ఒకటి వస్తే మంచిది. రెండు వస్తే ఆ ఖాతా జాబితాలో రెండుసార్లు పడింది, మొత్తం రెండింతలవుతుంది. సున్నా వస్తే ఆ వరసని ఆవర్జాలోకి తీసుకునే నాథుడు లేడు. కిందిదాకా లాగితే మూడు సున్నాలు కనిపించాయి. 6,200, 5,750, 6,500. కూడితే 18,450. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

మూడూ లారీ బాడుగలే, Lorry Freight ఖాతా. కానీ ఆ పేరు TBలో ఉంది! కళ్లు పెట్టుకుని చూస్తే అదే పేరు, అవే అక్షరాలు. మిగతా లారీ బాడుగలన్నీ ఎక్కాయి, ఈ మూడే ఎక్కలేదు. మేనల్లుడికి ఫోన్ చేస్తే, "మావయ్యా, చివర ఖాళీ ఉండుంటుంది, TRIM పెట్టు" అన్నాడు. పెట్టాను. సున్నా సున్నాగానే ఉంది. వాడు "ఆఫీసులో ఉన్నా, సాయంత్రం చూద్దాం" అని పెట్టేశాడు. ఆ సాయంత్రం రాలేదు.

నేనే LEN పెట్టి అక్షరాలు లెక్కపెట్టాను. మంచి వరసలో 13, ఈ మూడింటిలో 14. చివర ఏదో ఉంది, కనపడటం లేదు, TRIM కూడా తియ్యలేదు. ఆఖరి అక్షరం ఏమిటో చెప్పమన్నాను:

```
=CODE(RIGHT(C288,1))
```

160 అంది. మామూలు ఖాళీ అయితే 32 రావాలి. ఈ 160 వెబ్ పేజీల్లో వాడే ఖాళీ. చూడ్డానికి రెండూ ఒకటే, TRIM తీసేది 32ని మాత్రమే. అప్పుడు గుర్తొచ్చింది. ఆ మూడు బాడుగలూ నెట్ బ్యాంకింగ్‌లో కట్టాను. అక్కడ ఆ లారీ యజమాని పేరుని నేనే Lorry Freight అని దాచుకున్నాను. టైపు చెయ్యడానికి బద్ధకించి పేజీలోంచి కాపీ చేసి చిట్టాలో అతికించాను. డ్రాప్‌డౌన్ ఎందుకు ఆపలేదంటారా? అది టైపు చేసినప్పుడే కాపలా కాస్తుంది. అతికిస్తే అడ్డుకోదు. గుమ్మానికి తాళం వేసి కిటికీ తెరిచి పెట్టుకున్నట్టయింది.

మూడు పేర్లూ చేత్తో కొట్టాను. ఎక్కువ వరసలుంటే =TRIM(SUBSTITUTE(C288,CHAR(160)," ")) అని తీసి, విలువలుగా అతికించాలి. మూడోది కొట్టి ఎంటర్ నొక్కగానే పచ్చబడింది. అప్పటికి అయిదో రోజు రాత్రి. దుకాణంలో నేనూ కాపలా కుర్రాడూ తప్ప ఎవరూ లేరు. వాడికి చూపించాను. "బాగుంది బాబాయ్" అన్నాడు పాపం.

ఇవాళ పొద్దున్న షావుకారు గారికి చూపిస్తే "మరి లాభం ఎంత తగ్గింది?" అన్నారు. బాడుగ ఖర్చు పెరిగింది కాబట్టి ఆ 18,450 తగ్గిందని చెప్పాను. మొహం మాడ్చుకున్నారు.

మధ్యాహ్నం ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. పచ్చ గడి చూసి ఏమీ అనకుండా లారీ బాడుగ ఖాతా విప్పి, ఒక వరస మీద వేలు పెట్టింది. "అంకుల్, ఇది మీ షావుకారు గారి సొంత కారు టైర్లు కదా, బాడుగలో వేశారేంటి?" నిజమే, అది యజమాని సొంతవాడకంలోకి వెళ్లాల్సింది. డెబిట్ డెబిట్‌గానే ఉంది కాబట్టి గడి ఏడాదంతా దాన్ని పచ్చగానే చూసింది. షావుకారు గారి వైపు చూశాను. ఆయన ఈసారి కళ్లజోడు తియ్యలేదు, పేపరు అడ్డం పెట్టుకున్నారు.