టేబుల్ 1 ప్రశ్న వస్తే చివరి కాలమ్ దగ్గరే ఆగిపోకండి

క్రిటికల్ అప్రైజల్ ప్రశ్న అనగానే మనలో చాలామందికి టెన్షన్. ఏదో ఒక ట్రయల్ బేస్‌లైన్ టేబుల్ ఇచ్చి, "రెండు గ్రూపులూ మొదట్లో సమానంగా ఉన్నాయా? వ్యాఖ్యానించండి" అంటారు. మా స్టడీ గ్రూపులో అందరి కళ్లూ ముందుగా పి విలువల కాలమ్ మీదే పడేవి. 0.05 కంటే తక్కువ ఉంటే తేడా ఉంది, ఎక్కువ ఉంటే లేదు, అయిపోయింది. ఆ జవాబు ఎందుకు నిలబడదో, మేం ప్రాక్టీసు కోసం అల్లుకున్న ఒక టేబుల్‌తో చెప్తాను. అంకెలు కల్పితమే కానీ లెక్క అసలైనదే.

రక్తపోటు మందు ట్రయల్. ఒక్కో గ్రూపులో 40 మంది. 12 వారాల తర్వాత సిస్టాలిక్ బీపీ ఎంత ఉందన్నది ఫలితం. టేబుల్‌లో రెండు వరుసలు చూడండి. ఎత్తు: మందు గ్రూపులో సగటు 166 సెం.మీ., కంట్రోల్‌లో 162, రెండింటిలోనూ ఎస్‌డి 8, పి విలువ సుమారు 0.03. మొదటి రోజు బీపీ: మందు గ్రూపులో 152, కంట్రోల్‌లో 156, ఎస్‌డి 12, పి విలువ సుమారు 0.14.

పి కాలమ్‌ను నమ్మితే ఎత్తు గురించి కంగారు పడి, బీపీని వదిలేస్తాం. చేయాల్సింది సరిగ్గా దానికి తలకిందులు. ఎత్తులో 4 సెం.మీ. తేడా 12 వారాల తర్వాతి బీపీని పెద్దగా కదిలించదు. మొదటి రోజు బీపీ మాత్రం చివరి రోజు బీపీతో నేరుగా ముడిపడి ఉంటుంది. కాబట్టి ప్రతి వరుస దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోవాలి: తేడా ఎంత పెద్దది? ఆ లక్షణానికి ఫలితంతో ఎంత సంబంధం ఉంది? మొదటిదానికి తేడాను ఎస్‌డితో భాగిస్తే చాలు. బీపీకి 4ని 12తో భాగిస్తే 0.33 వస్తుంది. 0.1 దాటితే ఒకసారి ఆగి చూడటం చాలామంది పాటించే వాడుక. అయితే ఇంత చిన్న ట్రయల్‌లో 0.33 కేవలం అదృష్టవశాత్తూ రావడం వింతేమీ కాదు.

అసలు ఇక్కడ పి విలువ దేన్ని పరీక్షిస్తోంది? రాండమైజేషన్ సరిగ్గా జరిగి ఉంటే, కనిపించే తేడాలన్నీ యాదృచ్ఛికమేనని ముందే తెలుసు. ఇరవై వరుసల టేబుల్‌లో ఒకటి 0.05 కిందకి జారడం మామూలే. అందుకే కన్సార్ట్ మార్గదర్శకాలు బేస్‌లైన్ తేడాలకు ఈ పరీక్షలు చేయొద్దంటాయి. ఈ ఒక్క వాక్యం జవాబులో కచ్చితంగా రాయండి.

తర్వాత పరీక్షకులు పట్టుకునే చోటు ఇది: ఆ 4 పాయింట్ల తేడా ఫలితాన్ని ఎటు లాగింది? చివర్లో మందు గ్రూపు సగటు 142, కంట్రోల్ 148 అనుకుందాం. నేరుగా పోలిస్తే మందు వల్ల లాభం 6. కానీ మందు గ్రూపు మొదటే 4 తక్కువలో ఉంది. పోనీ ఎంత తగ్గిందో పోలుద్దామంటే, మందు గ్రూపులో 10, కంట్రోల్‌లో 8, లాభం 2కి పడిపోతుంది. ఇదీ సరికాదు. మొదట్లో ఎక్కువ బీపీ ఉన్నవాళ్లకు మందు లేకపోయినా సగటు వైపు కాస్త దిగడం సహజం, కాబట్టి కంట్రోల్ తగ్గుదలలో కొంత దానిదే. మొదటి బీపీలో ఒక పాయింటు తేడాకు చివరి బీపీలో అర పాయింటు తేడా ఉందనుకుంటే, 4లో సగం, అంటే 2, ఆరులోంచి తీసేయాలి. మిగిలేది 4. ఆన్‌కోవా చేసే పని ఇదే. ఈ సర్దుబాటు చేస్తామని ప్రోటోకాల్‌లో ముందే రాసుకున్నారా, టేబుల్ చూశాక మొదలుపెట్టారా అన్నది తప్పక చూడాలి.

ఒక చిన్న ఉచ్చు: ± తర్వాత ఉన్నది ఎస్‌డియా, స్టాండర్డ్ ఎర్రరా? బీపీ పక్కన ±1.9 అని ఉంటే అనుమానించండి. మనుషుల బీపీ అంత దగ్గరదగ్గరగా ఉండదు. 40 వర్గమూలం 6.3తో గుణిస్తే 12 వస్తుంది, అంటే అది స్టాండర్డ్ ఎర్రర్.

ఇదే 4 పాయింట్ల తేడా ఒక్కో గ్రూపులో 2000 మంది ఉన్న ట్రయల్‌లో కనిపిస్తే కథ వేరు. అక్కడ యాదృచ్ఛికంగా రావాల్సిన తేడా ఒక పాయింటు కూడా ఉండదు. అప్పుడు సర్దుబాటు గురించి కాదు, ఎవరిని ఏ గ్రూపులో వేయాలో చేర్చేవాళ్లకు ముందే తెలిసిపోయిందా అని అడగాలి. 2013లో వచ్చిన ప్రెడిమెడ్ ఆహార ట్రయల్ గుర్తుందా? దాని బేస్‌లైన్ అంకెల మీద ప్రశ్నలు లేచాక వెనక్కి వెళ్లి చూస్తే, కొన్నిచోట్ల ఒకే ఇంటివాళ్లందరినీ ఒకే గ్రూపులో వేశారని తేలింది. 2018లో ఆ పేపర్‌ను ఉపసంహరించి, సరిచేసిన విశ్లేషణతో మళ్లీ ప్రచురించారు. పెద్ద ట్రయల్‌లో తేడా పెద్దగా కనిపిస్తే జవాబులో అలొకేషన్ కన్సీల్‌మెంట్ గురించి రాయాల్సింది ఇందుకే.