గళ్ల కాగితం మీద బర్గర్స్ సర్క్యూట్

ఆర్‌ఈసీ ఇంకా ఎన్ఐటీ కాని రోజుల్లో వరంగల్‌లో మెటలర్జీ చదివాం. స్ఫటికంలో అణువుల వరుసలు ఒక గీత వెంట తప్పిపోయే లోపాలు, అంటే డిస్‌లొకేషన్ల పాఠం వచ్చేసరికి క్లాసంతటికీ ఒకే ముక్క కంఠతా వచ్చేది: బర్గర్స్ వెక్టర్ డిస్‌లొకేషన్ గీతకు లంబంగా ఉంటే ఎడ్జ్, సమాంతరంగా ఉంటే స్క్రూ. పరీక్షకు అది చాలు, మా సారుకు చాలదు. "ఆ వెక్టర్ ఎక్కడినుంచి వచ్చిందో గీసి చూపెట్టుండ్రి" అనేవారు.

ముందు ఎడ్జ్. గళ్ల కాగితం మీద అణువులకు చుక్కలు పెట్టించారు. పై సగంలో ఒక నిలువు వరుస ఎక్కువ, అది నడుమ ఆగిపోతుంది. కొత్తవాడ జంపఖానాల మగ్గం మీద పడుగు పోగు ఒకటి మధ్యలో తెగితే పక్క పోగులు దగ్గరకు జరిగినట్టు, కింది వరుసలు సర్దుకుంటాయి. వరుస ఆగిన చోటుకు దూరంగా, చుట్టూ నడవాలి. ఆ చుట్టే బర్గర్స్ సర్క్యూట్. కింద ఎడమ మూల నుంచి కుడికి 4 అడుగులు, పైకి 4, ఎడమకు 5, కిందికి 4. బయలుదేరిన చుక్క దగ్గరికే వస్తాం. పైన 5 ఎందుకంటే అదనపు వరుస అక్కడ ఉంది కాబట్టి.

ఇప్పుడు లోపం లేని గళ్ల మీద ఇవే అడుగులు వేస్తే మొదలుపెట్టిన చోటికి ఒక గడి ఎడమకు ఆగిపోతాం. ఆగిన చోటు నుంచి మొదలుకు గీసిన బాణమే బర్గర్స్ వెక్టర్. అది కాగితంలో పడుకుని ఉంది, డిస్‌లొకేషన్ గీత కాగితాన్ని గుచ్చుకుని పోతోంది. కాబట్టి లంబం.

స్క్రూ దగ్గరే అందరికీ టెన్షన్. చదునైన కాగితం మీద అది గీయడానికి రాదు. సారు ఒక అట్టను అంచు నుంచి నడిమి దాకా కోసి, కోతకు ఒక పక్కను ఒక పొర ఎత్తు లేపి పట్టుకునేవారు. కోత కొస చుట్టూ నాలుగు వైపులా నాలుగేసి అడుగులు వేస్తే ఒక పొర పైన తేలతాం. సర్క్యూట్ మూయాలంటే ఒక అడుగు కిందికి దిగాలి. లోపం లేని స్ఫటికంలో ఆ నాలుగు వైపులు వాటంతటవే కలుస్తాయి, ఆ దిగిన అడుగే మిగిలిపోతుంది. అది గీత వెంటే ఉంటుంది.

చాలామంది సర్క్యూట్‌ను లోపానికి మరీ ఆనించి గీసేవారు. అక్కడ అణువులు ఎంత చెదిరి ఉంటాయంటే, ఎవరికి ఎవరు పొరుగో లెక్క తేలదు. దూరంగా ఎంత పెద్దగా గీసినా వెక్టర్ మారదు. అలాగని లోపల ఇంకో డిస్‌లొకేషన్ పడితే రెండిటి వెక్టర్లూ కలిసిపోతాయి; రెండూ వ్యతిరేకమైనవైతే సున్నా వస్తుంది, కాగితం మీద ఏ లోపమూ లేనట్టే కనిపిస్తుంది. తిరిగే దిక్కు మార్చినా బాణం తిరగబడుతుంది, అందుకే దిక్కు ముందే రాసుకోవాలి.

నాకు నచ్చిన ప్రశ్న మాత్రం వలయంలా మూసుకున్న డిస్‌లొకేషన్. అణువుల పొరలు ఒకదాని మీద ఒకటి జారే తలంలోనే పడుకున్న ఆ వలయమంతటికీ వెక్టర్ ఒక్కటే. గీత దానికి సమాంతరంగా పోయే రెండు చోట్ల స్క్రూ, అడ్డంగా పోయే రెండు చోట్ల ఎడ్జ్, మిగతా అంతా మిశ్రమం. వెక్టర్ ఒక్కటే చూసి రకం చెప్పబోయిన వాళ్లందరూ ఇక్కడే ఆగిపోయేవారు.