నోటుబుక్కుల మూడో గడి ఖాళీగ ఉన్నది: నా అనుభవం

నిన్న సాయంత్రం ఆఖరి సిట్టింగ్ అయిపోయింది. మనసుల ఇంకా మంట చల్లారలే, అందుకే మరిచిపోకముందే రాస్తున్న. నేను నల్లగొండల భార్యాభర్తలకు కౌన్సెలింగ్ చేస్త. ఈ జంటను అడిగే రాస్తున్న, ఎవరూ గుర్తుపట్టకుండ వివరాలు మార్చిన.

పెళ్లై పద్నాలుగు నెలలు. ఆయన మిర్యాలగూడ రైస్‌మిల్లుల లెక్కలు రాస్తడు, ఆమె ప్రైవేటు బడిల టీచరు. ఇద్దరూ అడిగింది ఒక్కటే: "మేడం, మావి అందరిండ్లల్ల ఉండే కీచులాటలేనా, లేకపోతే మాకు మాకు పొసగదా?"

మొదటి మెట్టు తొందరగనే అయిపోతది. ఇద్దరినీ విడివిడిగ కూసోబెట్టి కొట్టుడు, బెదిరించుడు, భయపడుడు ఉన్నయా అని అడగాలె. ఉంటే కింద రాసేదేదీ వాళ్లకు పనికిరాదు. ముందు మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసి, భద్రంగ ఉండే జాగ చూసుకోవాలె. నోటుబుక్కు రాసుడైతే ఇంకా ప్రమాదం, అవతలి మనిషి చేతిల పడితే అదే ఇంకో గొడవ. వీళ్లింట్ల అసొంటిది లేదు.

రెండోది నోటుబుక్కు. ఇద్దరికీ చెరొక నలభై పేజీల బడి నోటుబుక్కు ఇచ్చిన. ఇరవై ఒక్క రోజులు ఒకరిది ఒకరు చూడకుండ రాయాలె. నాలుగు గడులు: ఏ సంగతి మీద వచ్చింది, నోట్లకెళ్లి వచ్చిన మొదటి మాట ఏంది, మళ్ల మామూలుగ మాట్లాడనీకి ఎంతసేపు పట్టింది, ఎవరు ముందు మాట్లాడిండ్రు. దీంట్ల అందరూ చేసే తప్పు ఒకటే. మాట రాయమంటే తీర్పు రాస్తరు. మొదటి వారం ఆమె "ఎప్పుడూ అంతే, నన్ను లెక్కజేయడు" అని రాసుకొచ్చింది. అది మాట కాదు. మళ్ల రాపిస్తే "జీతం పడ్డదా అంటే 'నీకెందుకు' అన్నడు" అని వచ్చింది. దీనితోని పని చెయ్యచ్చు.

మూడు వారాలకు ఆమె రాసిన గొడవలు పదమూడు, ఆయన రాసినయి పదకొండు. సగానికి దగ్గర పైసల మీదనే. ఆయనకు ఇరవై నాలుగు వేల జీతం, అండ్లకెళ్లి ఏడు వేలు నెలనెలా తండ్రి బోరు అప్పుకు పోతయి. ఆమె కోపం ఏడు వేల మీద అనుకున్నరు అందరూ. రెండో గడి చదివితే ఇంకోటి తేలింది: పైసలు పోయిన సంగతి ఆమెకు ప్రతిసారి ఫోన్ల వచ్చిన మెసేజ్ చూస్తెనే తెలుస్తున్నది. రెండే రెండు మార్చినం. ఒకటో తారీఖు పంపకముందు ఇంట్ల చెప్పాలె. అప్పు ఎన్ని నెలలు మిగిలిందో కాగితం మీద రాసి బీరువ తలుపుకు అంటియ్యాలె. తర్వాతి మూడు వారాలల్ల పైసల గొడవ ఒక్కసారే వచ్చింది, అదీ అన్నం తినేలోపు సల్లబడ్డది. మామూలు తగువుకు నేను చూసే గుర్తు ఇదే. కొంచెం కదిపితే కదులుతది. పూర్తిగ పోకపోయినా పదును తగ్గుతది. జంటల మీద ఏండ్లకేండ్లు పరిశోధన చేసిన అమెరికా ఆయన గాట్‌మన్, దంపతుల తగువులల్ల 69 శాతం ఎన్నటికీ తెగనివే అని లెక్కగట్టిండు. కలిసి బాగున్నోళ్లకు కూడా అంతే. కాబట్టి ఒకే గొడవ మళ్లమళ్ల వచ్చుడు పొసగనిదానికి గుర్తు కాదు. ఎక్కిరింపు, "నువ్వెంత, మీ ఇంటోళ్లెంత" అనే చిన్నచూపు ఉన్నదా అనేది చూడాలె. రెండు నోటుబుక్కులల్ల అది నాకు కనపడలే.

ఇగ నేను ఎక్కడ పప్పుల కాలేసిన్నో చెప్త. రెండు దిక్కుల పెద్దమనుషులు వచ్చి కూసున్నరు. "ఏం లేదు, మామూలు కీచులాటలే, సర్దుకుంటున్నరు" అని వాళ్ల ముందట ధీమాగ చెప్పిన. మిఠాయి డబ్బా గూడ చేతుల పెట్టిండ్రు. తొమ్మిది రోజులకు ఆ పిల్ల ఫోన్ చేసి, "మేడం, మీరు పదో పేజీ చదవలేదా?" అని అడిగింది. నేను చదివిన. చదివి తిప్పేసిన. అంత సిగ్గు ఈ పనిల నాకు ఎన్నడూ కాలే.

పదో పేజీల గడి ఇట్లున్నది. సంగతి: పక్కింటి పాప పుట్టినరోజు. మొదటి మాట: "మనింట్ల ఎప్పుడో" అన్నడు, నేను గిన్నెలు కడగనీకి లేసిపోయిన. మూడో గడి ఖాళీ, నాలుగో గడి ఖాళీ. గొడవ కాలేదు కాబట్టి ఎంతసేపు పట్టిందని రాయనీకి ఏం లేదు. ఆయన నోటుబుక్కుల ఆ రోజు పేజీనే లేదు. నేను అరుపులు లెక్కపెడుతున్న, అసలుది అరుపే లేకుండ ఉన్నది.

ఆమెకు పిల్లలు వద్దు. ఇప్పుడు వద్దని కాదు, వద్దే వద్దు. పెళ్లికి ముందు వాళ్ల చిన్నమ్మకు చెప్తే "పెళ్లి ముందట అందరికీ గిట్లనే అనిపిస్తది" అన్నదట. ఈ మాట మీద నాకు మస్తు కోపం. 2012ల లాస్ ఏంజెలెస్ దిక్కు 232 కొత్త జంటల మీద చేసిన అధ్యయనం అచ్చయింది. పెళ్లికి ముందు సందేహపడ్డ ఆడోళ్లల్ల నాలుగేండ్లల్ల విడిపోయింది 19 శాతం, సందేహం లేనోళ్లల్ల 8 శాతం. సందేహం వచ్చినోళ్లల్ల ఎక్కువమంది కలిసే ఉన్నరు, నిజమే. అయినా దేని మీద సందేహమో అడగకుండ కొట్టిపారేస్తే ఎట్ల? పెద్దమనుషులకు సంగతి తెలిసినంక అన్నది ఇంకా అన్యాయం: "ఒక పిల్లగాడు పుడితే అన్నీ సర్దుకుంటయి." ఏది తెగుతలేదో దాన్నే మందని చేతిల పెట్టుడు ఇది.

అప్పుడు మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అడిగిన. వేరేవేరే గదులల్ల, కాగితం మీద: "ఈ సంగతిల అవతలి మనిషి ఇగ ఎన్నటికీ మారరని ఖాయంగ తెలిస్తే, ఇట్లనే ఉండగలవా?" పైసలకు ఒకసారి, పిల్లలకు ఒకసారి. పైసలకు ఇద్దరూ ఉంటమనే రాసిండ్రు; ఆమె "చెప్పి పంపితే" అని కలిపింది. పిల్లల కాడ ఆయన "ఆమె మనసు మారుద్ది" అని రాసిండు, ఆమె "ఆయన ఒప్పుకుంటడు" అని రాసింది. ఇవి జవాబులు కావు. అవతలి మనిషి మారుతరనే ఆశ మీద ఇద్దరూ కాపురం నడుపుతున్నరు. పైసలల్ల ఏడుకు బదులు ఐదు పంపచ్చు, పండుగకు ఒకసారి తల్లిగారింటికి ఒకసారి అత్తగారింటికి పోవచ్చు. బిడ్డను సగం కనలేరు.

ఆరు వారాలు ఆగమన్న. ఎందుకంటే ఇసొంటి జవాబు ఒక్కోసారి అలుపుల, పరీక్షల పేపర్లు దిద్దే ఒత్తిడిల, అత్తగారోళ్ల మీది కోపంల వస్తది. ఇల్లు నెమ్మదిగ ఉన్న రోజుల అడిగినా అదే జవాబు వస్తే అప్పుడు నమ్మాలె. ఈ ఆరు వారాలల్ల ఇద్దరూ ఒకరినొకరు ఒప్పించనీకి చూడొద్దని షరతు పెట్టిన, డాక్టర్ కాడికి పోయి ఆమె భయం కాన్పు గురించా కాదా అని గూడ మాట్లాడి రమ్మన్న. కాన్పు భయమైతే దారి వేరే ఉంటుండె. కాదని తేలింది. నిన్న ఇద్దరూ మళ్ల రాసిండ్రు. ఈసారి ఆశలు లేవు, రెండు కాగితాల మీద "ఉండలేను" అనే ఉన్నది. ఎవరూ అరవలే. ఆయన లేసి ఆమెకు నీళ్లు తెచ్చిచ్చిండు.

ఇగ ఇసొంటి స్థితిల ఉన్నోళ్లకు ఒక మాట. హిందూ వివాహ చట్టం 13బీ కింద ఇద్దరూ ఒప్పుకొని దరఖాస్తు పెట్టాలంటే అప్పటికే కనీసం ఏడాది వేరుగ ఉండి ఉండాలె. పెట్టినంక ఇంకో ఆరు నెలలు ఆగాలె; 2017ల సుప్రీంకోర్టు తీర్పు తర్వాత తగిన కేసులల్ల ఈ ఆరు నెలలను కోర్టు మాఫీ చెయ్యచ్చు. ఎప్పటికెళ్లి వేరుగ ఉన్నరన్నది తర్వాత తకరారు కావద్దు. వచ్చే ఆదివారం ఆమె నల్లగొండకు సామాను తెచ్చుకుంటది. ఆ తారీఖును రెండు నోటుబుక్కుల ఆఖరి పేజీల రాపిచ్చి, కింద ఇద్దరితోని సంతకం పెట్టిచ్చిన.