ఒట్టి "దద్దుర్లు" అంటే సరిపోదు

వైజాగ్ ఉక్కపోతలో ఒంటి మీద ఏది లేచినా చెమటకాయలే అనుకుంటాం. నిన్న గాజువాక నుంచి నర్సమ్మ ఫోన్: "మేడమ్, పెద్దాయనకి నడుము మీద దద్దుర్లు."

"గ్లవ్స్ వేసుకుని వేలితో తడిమి చూడమ్మా" అన్నాను. మన చాయలో ఎరుపు సరిగ్గా కనబడదు, అందుకే నేను వేలినే ఎక్కువ నమ్ముతాను. రంగు మారినా వేలికి ఎత్తుగా తగలకపోతే మాక్యూల్. ఎత్తుగా తగిలి, సెంటీమీటరు లోపుంటే పాప్యూల్, అంతకంటే వెడల్పుగా పరుచుకుంటే ప్లాక్. చిన్న పొక్కులో తేట నీరుంటే వెసికల్, చీముంటే పశ్చూల్.

చూసొచ్చి ఇలా చెప్పింది: "ఎర్రటి చర్మం మీద గుత్తులుగా వెసికల్స్ మేడమ్, రెండు మూడు పశ్చూల్స్. కుడిపక్కనే, వెన్ను నుంచి బొడ్డు దాకా పట్టీలా వచ్చి అక్కడే ఆగిపోయాయి. మొన్నటి నుంచి మంటట."

చెమటకాయలు అలా ఒక పక్కనే గీత గీసినట్టు ఆగవు. అక్కి అనిపించింది, వెంటనే పంపమన్నాను. యాంటీవైరల్ మందు 72 గంటల్లోపు మొదలుపెడితే మేలు. చూసి, సాయంత్రమే మొదలుపెట్టాం. పశ్చూల్స్ ఉన్నా యాంటీబయాటిక్ రాయలేదు. అక్కి పొక్కుల్లో నీరు కొన్ని రోజులకి దానంతటదే చీములా చిక్కబడుతుంది.

ఇంట్లో కోడలు కడుపుతో ఉందట, ఆటలమ్మ ఎప్పుడూ రాలేదట. అక్కికి కారణం ఆ ఆటలమ్మ వైరస్సే. పొక్కులన్నీ ఎండి చెక్కుకట్టేదాకా పెద్దాయన దగ్గరికి వెళ్లొద్దని, తన డాక్టరుకి ఈ సంగతి ఇవాళే చెప్పమని కబురు పెట్టాను.