మూత తెరిచాక మాయమైన తాళం

రాయగడలో మా చిన్నాన్న కొడుకు బ్యాంక్ పాయింట్ నడుపుతాడు. పల్లెల నుంచి వచ్చిన ముసలాళ్ల వేలిముద్ర పెట్టించుకుని పింఛను డబ్బులు ఇచ్చే పని. పాత లాప్‌టాప్ పోతే విశాఖ వెళ్లి సెకండ్‌హ్యాండ్‌ది ఒకటి తెచ్చాడు. రెండో తరం ఐ5, బ్యాటరీ కూడా బాగానే ఉంది. నా రిపేరు కొట్టులో బల్ల మీద పెట్టి, అమ్మినవాడు చెప్పిన మాట మామూలుగా అనేశాడు: "బయోస్ పాస్‌వర్డ్ ఉండిందట అన్నా, తీయించేసి ఇచ్చాడు."

రిపేరు పనిలో ఉన్నవాడికి ఆ మాటలో ఇంకో సంగతి వినిపిస్తుంది. పాస్‌వర్డ్ తీయించడమంటే చాలాసార్లు, కంప్యూటర్‌ని మొదట లేపే ప్రోగ్రామ్ ఉండే బయోస్ చిప్‌కి క్లిప్ తగిలించి, ఎక్కడి నుంచో దించుకున్న ఫైలు రాసేయడమే. ఆ ఫైలు పాతదో, ఎవరైనా చెయ్యి పెట్టినదో కొన్నవాడికి తెలిసే దారి లేదు. విండోస్ మళ్లీ వేసినా, హార్డ్‌డిస్క్ మార్చినా ఆ చిప్‌లో ఉన్నది అలాగే ఉంటుంది. అందుకని బండి వాడికి ఇచ్చే ముందు తాళాలు చూద్దామనుకున్నాను.

నేను చూడాలనుకున్న తాళం సిస్టమ్ మేనేజ్‌మెంట్ మోడ్‌ది. వాడుకలో ఎస్ఎంఎం అంటారు. ఇంటెల్ దీన్ని 1990 ప్రాంతంలో 386ఎస్ఎల్ ప్రాసెసర్‌తో తెచ్చింది, అప్పట్లో లాప్‌టాప్‌లో కరెంటు పొదుపు కోసం. ఇది నడిచే తీరు చిత్రంగా ఉంటుంది. బోర్డు మీది హార్డ్‌వేర్ గానీ ఏదైనా ప్రోగ్రామ్ గానీ ఎస్ఎంఐ అనే పిలుపు పంపగానే ప్రాసెసర్ చేస్తున్న పని ఎక్కడిదక్కడ ఆపేస్తుంది. తన ముఖ్యమైన రిజిస్టర్లను ఎస్ఎంరామ్ అనే విడి మెమరీ ముక్కలో దాచుకుంటుంది. అక్కడే ఉన్న ఫర్మ్‌వేర్, అంటే బయోస్ పెట్టిన కోడ్ నడిపి, ఆర్‌ఎస్‌ఎం అనే ఒక్క ఆదేశంతో వెనక్కి వస్తుంది. ఈలోపు విండోస్ గానీ లినక్స్ గానీ నడవవు, ఆ పిలుపును ఆపే అధికారం కూడా వాటికి లేదు. మధ్యలో కొంత కాలం పోయిందని గడియారం చూసుకుంటే తప్ప వాటికి తెలియదు.

ఇది పుస్తకంలో మాటే కాదు, కంటితో చూడొచ్చు. ఈ తరం ఇంటెల్ ప్రాసెసర్లు ఎన్ని ఎస్ఎంఐలు వచ్చాయో లెక్క పెట్టుకుంటాయి. లినక్స్ పెన్‌డ్రైవ్‌తో లేపి అడిగాను:

```
sudo modprobe msr
sudo rdmsr -u 0x34
```

212 అని వచ్చింది. స్క్రీన్ వెలుతురు తగ్గించే మీట ఒకసారి నొక్కి మళ్లీ అడిగితే 213. పక్కన నిలబడ్డ తమ్ముడు "ఏటన్నా, మీట నొక్కితే కంప్యూటర్ ఆగిపోయిందా?" అన్నాడు. ఆగింది, వాడికి తెలియనంతసేపు. అన్ని లాప్‌టాప్‌లలో ఆ మీటకి ఎస్ఎంఐ వస్తుందని లేదు, దీంట్లో వచ్చింది.

ఆ ముక్కలో కూర్చున్న కోడ్‌కి మెమరీ మొత్తం కనిపిస్తుంది, బోర్డు మీది పరికరాలన్నీ అందుతాయి. చాలా బోర్డుల్లో బయోస్ చిప్ మీద రాయనిచ్చేదీ, ఆపేదీ కూడా అదే. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఎంత పెద్ద అధికారం ఉన్నవాడైనా దాన్ని తాకకూడదంటే ఎస్ఎంరామ్‌కి బయటి నుంచి దారి మూయాలి. మరి పుట్టుకతోనే మూసి ఉంచొచ్చు కదా? కుదరదు. కరెంటు ఇచ్చిన క్షణంలో ఎస్ఎంరామ్ ఖాళీ, దాన్ని నింపాల్సింది ఫర్మ్‌వేరే. ముందు తలుపు తెరిచి, కోడ్ లోపల పెట్టి, ఒక్కో కోర్‌కీ దాని చోటు చూపించి, తలుపు మూసి, అప్పుడు తాళం వేస్తుంది. మంచి ఫర్మ్‌వేర్ ఈ పని తన సొంత కోడ్ తప్ప ఇంకేదీ నడవకముందే ముగిస్తుంది. యాడ్-ఆన్ కార్డు మీది ప్రోగ్రామ్‌కైనా, డిస్క్‌లోని బూట్‌లోడర్‌కైనా తాళం పడ్డాకే వంతు వస్తుంది. ఒకసారి పడితే రీసెట్ అయ్యేదాకా దాన్ని తీసే ఆదేశమే ఉండదు. వేసిన ఫర్మ్‌వేర్ కూడా తీయలేదు.

ఆ తాళం చిప్‌సెట్‌లో ఒక్క బిట్, డి-లాక్. 2006లో లోయిక్ డుఫ్లో అనే ఫ్రెంచి పరిశోధకుడు, సహచరులతో కలిసి, ఆ బిట్ వెయ్యని యంత్రాల్లో ఏమవుతుందో చూపించాడు. పాత పద్ధతిలో ఎస్ఎంరామ్, గ్రాఫిక్స్ మెమరీ రెండూ `0xA0000` అనే ఒకే చిరునామా పంచుకుంటాయి. మామూలు వేళ అక్కడ రాస్తే గ్రాఫిక్స్ కార్డుకి పోతుంది, ఎస్ఎంఎంలో ఉంటే కింది మెమరీకి పోతుంది. డి-ఓపెన్ అనే ఇంకో బిట్ పెడితే మామూలు వేళ కూడా కింది మెమరీకే పోతుంది. ఆయన ఆ బిట్ పెట్టి, లోపల తన కోడ్ రాసి, ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్న కట్టుబాట్లను దాటేశాడు.

ఇక చూడటం. ఈ తరంలో ఆ బిట్లు ఉండే రిజిస్టర్, ప్రాసెసర్‌కీ మెమరీకీ మధ్య వారధి అయిన హోస్ట్ బ్రిడ్జ్‌లో 88 దగ్గర ఉంటుంది. అలవాటు కోసం ముందు కొట్టులోని పాత జీ41 చిప్‌సెట్ డెస్క్‌టాప్ మీద అడిగితే 00 వచ్చింది. ఇన్నేళ్లూ నా బండికే తాళం లేదా అని గుండె గుభేలుమంది. అరగంట పోయాక వెలిగింది: కోర్ 2 కాలం చిప్‌సెట్లలో అది 9d దగ్గర ఉంటుంది, నేను అడిగినది వేరే గది. మీరూ చూసేటట్లయితే ముందు మీ చిప్‌సెట్ డేటాషీట్ తెరవండి. తప్పు చోట చదివిన 00 కంటే చెడ్డది, తాళం ఉందని నమ్మించే 1a తప్పు చోట చదవడం.

తమ్ముడి లాప్‌టాప్ మీద:

```
sudo setpci -s 00:00.0 88.b
1a
```

1a అంటే 0001 1010. కుడి చివరి మూడు 010 ఎప్పుడూ ఉండేవే. వాటి పక్కది ఎస్ఎంరామ్ వాడుకలో ఉందని చెబుతుంది, దాని పక్క 1 డి-లాక్. బాగానే ఉంది. తమ్ముడు అప్పటికే బ్యాగు జిప్పు తీస్తున్నాడు.

నేను ఆగమన్నాను. వాడు ఈ లాప్‌టాప్‌ని ఎప్పుడూ షట్‌డౌన్ చెయ్యడు. మా దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి బ్యాటరీ మిగలాలని మూత మూసేస్తాడు, మనిషి వస్తే తెరుస్తాడు. అలా వారాల తరబడి స్లీప్‌లోనే నడుస్తుంది. మామూలు స్లీప్‌లో, అంటే ఎస్3లో, ర్యామ్‌కి మాత్రమే కరెంటు అందుతుంది, ప్రాసెసర్ ఆగిపోతుంది. తెరిచినప్పుడు చిప్‌సెట్ రీసెట్ నుంచే మొదలవుతుంది, తాళం ఊడిపోతుంది. ఫర్మ్‌వేర్ విండోస్‌ని లేపే ముందు రెండోసారి తాళం వెయ్యాలి. తొందరపాటు ఫర్మ్‌వేర్లు జారిపోయేది ఇక్కడే.

```
sudo rtcwake -m mem -s 20
sudo setpci -s 00:00.0 88.b
0a
```

0000 1010. డి-లాక్ లేదు. టీసెగ్ అనే అసలు పెద్ద ముక్క సంగతీ చూశాను, ఎందుకంటే ఈ కాలంలో ఎస్ఎంఎం కోడ్ ఎక్కువగా ఉండేది అక్కడే. `b8.l` అడిగితే నిద్రకు ముందు `db800001`, లేచాక `db800000`. చివరి 1 దాని సొంత తాళం, అదీ పోయింది. నిజంగానే తెరుచుకుంటుందా అని 88లో డి-ఓపెన్ బిట్ పెట్టి, అంటే 4a రాసి చదివాను, 4a అనే వచ్చింది. తాళం ఉంటే 1a అని మొండికేసేది. వెంటనే 0a తిరిగి పెట్టేశాను. ఇలా రాయడం వల్ల బండి బిగుసుకుపోవచ్చు, పని ఉన్న యంత్రం మీద వద్దు.

ఇంతకీ ఇంత జరిగినా లాప్‌టాప్ మామూలుగానే నడిచింది. తాళం లేనంత మాత్రాన ఎస్ఎంఎం పని ఆగదు, అందుకే ఇది ఎవరి కంటా పడదు. అలాగని ఎవడు పడితే వాడు వెంటనే లోపలికి దూరతాడనీ కాదు. ముందు వాడికి కెర్నల్ స్థాయి అధికారం కావాలి. ప్రాసెసర్‌లో ఎస్ఎంఆర్‌ఆర్ అనే ఇంకో కాపలా కూడా ఉంది, టీసెగ్ చిరునామాలకి ప్రాసెసర్ నుంచి వచ్చే మామూలు చదువు రాతలను అది ఆపుతుంది. కానీ ప్రాసెసర్‌ని దాటి నేరుగా మెమరీకి రాసే పరికరాలను ఆపేది చిప్‌సెట్‌లోని టీసెగ్ హద్దు. దాని తాళం లేకపోతే హద్దును పక్కకి జరిపి, డీఎంఏ అనే ఆ నేరు దారితో లోపల రాసే వీలుంటుంది.

ఇంకో చిక్కు. తాళం పడి ఉంటే లోపల ఉన్నది మంచిదని కాదు. చిప్‌లోని ఫైలే చెడ్డదైతే ఆ తాళం దొంగనే కాపాడుతుంది. అందుకే 1a చూసి ఊరుకోకుండా, బ్యాటరీ తీసి, సీహెచ్341ఏ ప్రోగ్రామర్ క్లిప్ తగిలించి చిప్‌ని బయటి నుంచే చదివాను. రెండుసార్లు చదివి రెండు ఫైళ్లూ ఒకటే అని చూసుకున్నాకే నమ్మాను. మొదటిసారి క్లిప్ సరిగా కూర్చోక రెండూ వేరుగా వచ్చాయి. లోపల ఉన్నది ఆ మోడల్‌కి వచ్చిన తొలినాటి బయోస్. తయారీదారు సైట్‌లో దాని తర్వాతవి చాలా ఉన్నాయి. అన్నిటికంటే కొత్తది వేశాను, మళ్లీ క్లిప్‌తో చదివాను, కోడ్ ఉన్న భాగాలు దించుకున్న ఫైలుతో పోల్చాను. సెట్టింగులు దాచుకునే చోటు తప్ప మిగతాదంతా సరిపోయింది.

ఆ తర్వాత ఐదుసార్లు నిద్రపుచ్చి లేపాను. ఐదుసార్లూ 1a, `db800001`. కొత్త లాప్‌టాప్‌లలో ఈ పరీక్షకి అర్థం తక్కువ. వాటిలో చాలావాటికి ఎస్3 ఉండదు, నిద్రలో రీసెట్టే జరగదు. `cat /sys/power/mem_sleep` అడిగినప్పుడు deep అని చదరపు బ్రాకెట్లలో కనిపిస్తేనే ఇది వర్తిస్తుంది.

తమ్ముడు ఛార్జరు చుట్టుకుంటూ, "అయితే మూత మూసుకోవచ్చా అన్నా?" అన్నాడు. మూసుకోమన్నాను. గుమ్మం దాటాక వెనక్కి తిరిగి, విశాఖలో అదే కొట్టులో అదే మోడల్ గుణుపూర్‌లో ఉండే వాడి స్నేహితుడు కూడా కొన్నాడని చెప్పాడు. ఆదివారం బస్సుకి పంపమన్నాను.