అమ్మ ఫోనులో చోటు వెతికిన రోజు

సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు అమ్మ ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఏరా, ఇది రోజూ చోటు లేదంటోంది. ఫొటోలు సగం తీసేశాను, అయినా అదే పాట" అంది. 32 జీబీ ఫోను, ఆండ్రాయిడ్ 10. చూస్తే మిగిలింది 310 ఎంబీ. వాట్సాప్ అప్‌డేట్ కావడం లేదు.

అమ్మ తనంతట తాను వేసుకున్న యాప్‌లు ఆరో ఏడో ఉన్నాయి, అన్నీ వాడేవే. ఇక మిగిలినవి ఫోనుతో పాటు వచ్చినవి. వాటిని నొక్కి పట్టుకుంటే తీసేయమనే మాటే రాదు. ఫోనుతో వచ్చినవి కాబట్టి వాటి జోలికి వెళ్లి లాభం లేదని నేనూ చాలాకాలం అనుకున్నాను. అది సగమే నిజం.

కంపెనీ ఫోనులో పెట్టి పంపిన యాప్ ఇంటి గోడలోనే కట్టిన గూడు లాంటిది. అది సిస్టమ్ భాగంలో ఉంటుంది. ఆ భాగాన్ని చదవడమే తప్ప మామూలుగా అందులో రాయడం, చెరపడం కుదరదు. గూడు ఖాళీ చేసినంత మాత్రాన గది పెద్దది కాదు. ఆ చోటును మన ఫొటోలకు, వాట్సాప్‌కు ఎలాగూ ఇవ్వరు. కానీ ఆ యాప్‌కు ప్లే స్టోర్ నుంచి అప్‌డేట్ వచ్చినప్పుడు పాతదాని మీద కొత్తది రాయడం కుదరదు కదా. అందుకని కొత్త యాప్ మొత్తాన్ని తెచ్చి మన గదిలో, అంటే మన ఫైళ్లుండే డేటా భాగంలో పెడుతుంది. గూడులో పాతది అలాగే ఉంటుంది, గదిలో కొత్త బీరువా ఒకటి చేరుతుంది. మనం తీయగలిగింది ఆ బీరువానే.

ఎంత తీయొచ్చో ముందే తెలుసుకునే దారి కూడా ఉంది. సెట్టింగ్స్‌లో యాప్ పేజీ తెరిచి స్టోరేజ్ చూస్తే App size అని ఒక అంకె కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ లెక్క వేసేటప్పుడు గోడలోని గూడును కలపదు, బీరువానే లెక్కిస్తుంది. అంటే ఫోనుతో వచ్చిన యాప్‌కు అక్కడ కనిపించే అంకె దాదాపుగా మనకు తిరిగొచ్చే చోటే. అప్‌డేట్ లేని యాప్‌కు అక్కడ సున్నానో, దాదాపు సున్నానో ఉంటుంది.

అమ్మ ఎన్నడూ తెరవనివి ఏరితే నాలుగు తేలాయి: యూట్యూబ్ మ్యూజిక్ 148 ఎంబీ, మీట్ 196, గూగుల్ టీవీ 71, డ్రైవ్ 123. కలిపితే 538. నాలుగింటి సొంత డేటా మరో 96 ఉంది. డ్రైవ్‌లో అమ్మ దాచిందేమీ లేదని తెరిచి చూసుకున్నాకే దాని జోలికి వెళ్లాను.

యాప్ పేజీలో కుడివైపు పైన మూడు చుక్కలు నొక్కితే Uninstall updates వస్తుంది (కొన్ని కంపెనీల ఫోన్లలో ఇదే బటన్ కింద ఉంటుంది). నొక్కగానే ఫ్యాక్టరీ వెర్షన్ పెట్టమంటావా, డేటా అంతా పోతుంది అని అడుగుతుంది. ఆ రెండో మాటను జనం పట్టించుకోరు. నేనూ పట్టించుకోలేదు, దాని సంగతి తర్వాత చెబుతాను.

మొదట యూట్యూబ్ మ్యూజిక్ తీశాను. నిజంగా బీరువానే పోయిందా అని అనుమానం తీరక ల్యాప్‌టాప్‌కు కలిపి, యాప్ ఫైలు ఎక్కడుందో చెప్పే ఈ కమాండ్‌తో చూశాను.

```
adb shell pm path com.google.android.apps.youtube.music
```

తీయకముందు దారి /data/app/ తో మొదలైంది, తీశాక /product/app/ తో. గదిలోంచి గోడలోకి వెళ్లిందన్నమాట.

సంతోషంగా మిగిలిన మూడూ తీసి, 944 ఎంబీ ఖాళీ చూపించి పడుకున్నాను. పొద్దున లేచేసరికి మళ్లీ 477. రాత్రంతా ఫోను ఛార్జింగ్‌లో, వైఫైలో ఉంది. ప్లే స్టోర్‌కు అంతకన్నా మంచి సమయం దొరకదు, తీసినవాటిలో మూడింటిని శుభ్రంగా తిరిగి తెచ్చి పెట్టింది.

అందుకే Disable కావాలి. చాలామంది దీన్ని చోటు మిగిల్చే బటన్ అనుకుంటారు, అసలు పని అది కాదు. యాప్‌ను నిద్రపుచ్చడమే దాని పని. ఐకాన్ కనబడదు, వెనకాల నడవదు, నోటిఫికేషన్లు పంపదు, ఇంకో యాప్ పిలిచినా పలకదు, ప్లే స్టోర్ దానికి అప్‌డేట్ తీసుకురాదు. గూడులోని కాపీ మాత్రం ఎక్కడిదక్కడే. అమ్మ ఫోనులో అప్‌డేట్ ఉన్న యాప్‌కు Disable నొక్కితే ముందు అదే ఫ్యాక్టరీ వెర్షన్ ప్రశ్న అడిగి, అప్‌డేట్ తీసి, తర్వాత నిద్రపుచ్చింది. మామూలు ఆండ్రాయిడ్ పద్ధతి అదే. అయితే ఫోనులో ఇంకో యూజర్ ఉంటేనో, ల్యాప్‌టాప్ నుంచి కమాండ్‌తో ఆపితేనో అప్‌డేట్ అలాగే ఉండి యాప్ మాత్రమే నిద్రపోతుంది. అప్పుడు ఒక్క ఎంబీ కూడా రాదు. ఏది జరిగిందో తెలియాలంటే ఆపిన తర్వాత App size మళ్లీ చూడాలి. అంకె తగ్గకపోతే బీరువా ఇంకా గదిలోనే ఉన్నట్టు.

నాలుగింటినీ అలా ఆపాక ఖాళీ 944 దగ్గర నిలబడింది. వాట్సాప్ అప్‌డేట్ అయింది. అక్కడితో ఊరుకోవాల్సింది. 370 ఎంబీ కనిపిస్తున్న గూగుల్ యాప్ మీద పడింది నా కన్ను. బ్రౌజర్ ఉండగా ఇదెందుకని ఆపేశాను. అరగంటకల్లా వంటింట్లోంచి అమ్మ: "మాట్లాడితే వెతికే ఆ గీత ఏదిరా?" హోమ్ స్క్రీన్ మీద సెర్చ్ బార్ గూగుల్ యాప్‌దే, దాంతోపాటే మాయమైంది. తెలుగులో మాట్లాడి వెతకడం అమ్మకు ఆ బార్‌తోనే అలవాటు. యాప్‌ను మళ్లీ Enable చేసినా బార్ దానంతట అది రాలేదు. ప్లే స్టోర్‌లో అప్‌డేట్ చేసి, బార్‌ను చేత్తో మళ్లీ పెట్టాల్సి వచ్చింది. ఆ 370 ఎంబీ మీద ఆశ వదిలేశాను.

ఇంకో తప్పు యూట్యూబ్‌తో చేశాను. అది అమ్మ రోజూ చూసేది కాబట్టి ఆపే ప్రశ్న లేదు, అప్‌డేట్ తీసి పాత వెర్షన్‌తో సరిపెడదామనుకున్నాను. ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీ తెరిచి, మూడు చుక్కల్లో Enable auto update దగ్గర టిక్ తీసేస్తే తిరిగి రాదు కదా అని నా లెక్క. కానీ ఫ్యాక్టరీ వెర్షన్ ఏళ్ల నాటిది, తెరవగానే అప్‌డేట్ చేస్తే తప్ప నడవనంది. అప్‌డేట్ చేశాను, చోటు మళ్లీ అంతే. పోయింది మాత్రం అమ్మ ఆఫ్‌లైన్‌లో దాచుకున్న భజనలు. ఆ "డేటా అంతా పోతుంది" అన్న మాటకు అర్థం అదే. ఫొటోలు, కాంటాక్టులు, మెసేజ్‌లు అలా పోలేదు, అవి ఆ యాప్ లోపల ఉండేవి కావు. యాప్ లోపల దాచినవే పోతాయి. మ్యాప్స్‌లో దించుకున్న ఆఫ్‌లైన్ మ్యాప్‌లదీ అదే గతి.

యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించే ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ జోలికి మాత్రం వెళ్లలేదు. 2021 మార్చిలో దాని అప్‌డేట్‌లో లోపం వల్ల జీమెయిల్ సహా ఎన్నో యాప్‌లు తెరవగానే మూసుకుపోయాయి, అప్పుడు దాని అప్‌డేట్ తీసేయడమే తాత్కాలిక మందుగా పనిచేసింది. అలాంటి గొడవ లేనప్పుడు తీస్తే, యాప్‌ల లోపల తెరుచుకునే వెబ్ పేజీలన్నీ పాత, భద్రత తక్కువున్న ఇంజను మీద నడుస్తాయి. చోటు కోసం చేయాల్సిన పని కాదది.

హైదరాబాద్ తిరిగొచ్చే ముందు రాత్రి పిన్ని వాళ్ల ఇంటి వైఫై పట్టుకుని భజనలు ఒక్కొక్కటీ దించాను. పదకొండు దించాక అమ్మ, "పన్నెండోది ఏది?" అంది. అదేదో ఇద్దరికీ గుర్తు రాలేదు.